పుష్‌అప్ రావాలంటే మోకాళ్లు కాదు, మెట్లు కావాలి

ఇంట్లో వ్యాయామం మొదలుపెట్టేవాళ్లకి అందరూ చెప్పే మాట ఒకటుంది. మొదట గోడకి పుష్‌అప్స్, తర్వాత మోకాళ్ల మీద, ఆ తర్వాత నేల మీద. వినడానికి బాగానే ఉంటుంది. చేసేవాళ్లలో చాలామంది మాత్రం రెండో దశలో ఇరుక్కుపోతారు. మోకాళ్ల మీద ఇరవై, ముప్పై చేస్తారు. మోకాళ్లు పైకి లేపగానే ఒక్కటి కూడా రాదు. తమకి బలం లేదనుకుంటారు. నిజానికి లోపం ఆ వరుసలో ఉంది.

పుష్‌అప్‌లో చేతుల మీద ఎంత బరువు పడుతుందో కొలిచి చూసినవాళ్లున్నారు. నేల మీద మామూలు పుష్‌అప్‌లో ఒంటి బరువులో దాదాపు 64 శాతం చేతుల మీద ఉంటుంది. మోకాళ్ల మీద చేస్తే 49 శాతం. చేతులు 60 సెంటీమీటర్ల ఎత్తులో పెడితే 41, 30 సెంటీమీటర్ల ఎత్తులో పెడితే 55. 70 కిలోల మనిషికి లెక్క వేయండి. మోకాళ్ల మీద 34 కిలోలు, నేల మీద 45 కిలోలు. ఒక్కసారిగా 11 కిలోలు పెరిగాయి. జిమ్‌లో ఎవరైనా బార్‌కి ఒకేరోజు 11 కిలోలు ఎక్కిస్తే మనమే వారిస్తాం. ఇక్కడ మాత్రం అదే సరైన పద్ధతి అంటున్నాం!

ఇంకో సంగతి, మోకాళ్లు ఆనించాక నడుము, పిరుదులు పెద్దగా పని చేయవు. పుష్‌అప్‌లో కష్టం చేతులది ఒక్కటే కాదు. తల నుంచి మడమ దాకా ఒంటిని ఒకే గీతలో పట్టి ఉంచడమూ కష్టమే. మోకాళ్ల మీద ఎన్ని చేసినా ఆ రెండో సగానికి సాధన దొరకదు. మోకాళ్ల మీద చేస్తే చేతులకి బలం రాదని నేను అనను. నేల మీదకి చేర్చే దారి మాత్రం అది కాదు.

దారి చేతుల ఎత్తులో ఉంది. పాదాలు నేల మీదే ఉంచి, చేతులు పెట్టే చోటుని వారాల తరబడి కొద్దికొద్దిగా కిందికి దించుకుంటూ రావడమే. గోడ, వంటగట్టు, మంచం అంచు, మెట్లు, పీట, నేల. మామూలు మెట్టు ఎత్తు 6 అంగుళాల దాకా ఉంటుంది కాబట్టి నాలుగో మెట్టు దాదాపు ఆ 60 సెంటీమీటర్లు, రెండో మెట్టు 30. అంటే 70 కిలోల మనిషి చేతుల మీద నాలుగో మెట్టు దగ్గర 29 కిలోలు, రెండో మెట్టు దగ్గర 38 కిలోల పైన, నేల మీద 45. ఒక్కో మెట్టు దిగితే పెరిగేది మూడు నుంచి ఐదు కిలోలు. ఒళ్లు దాన్ని ఓర్చుకుంటుంది.

గోడ దగ్గర ఎక్కువ రోజులు ఉండకండి. గోడకి చేయి చాపినంత దూరంలో నిలబడి, అరచేతులు రొమ్ము ఎత్తులో ఆనించి, ముక్కు కాదు, రొమ్ము గోడకి దగ్గరయ్యేలా వంగాలి. నెమ్మదిగా పదిహేను చేయగలిగితే గోడతో పని అయిపోయినట్టే. అక్కడే రోజుకి వంద చేస్తే ఓపిక పెరుగుతుంది తప్ప నేల మీద లేవడానికి కావాల్సిన బలం రాదు.

తర్వాత వంటగట్టు. గట్టు అంచు పట్టుకోండి, పాదాలు వెనక్కి జరపండి, పిరుదులు బిగించండి. చేతులు భుజాల కంటే కాస్త ఎడంగా, రొమ్ము కింది భాగానికి ఎదురుగా ఉండాలి. మోచేతులు ఒంటికి 45 డిగ్రీల దగ్గర ఉంటే చాలు. రెండు సెకన్లు తీసుకుని దిగండి, రొమ్ము అంచుకి తగలాలి, ఊపిరి వదులుతూ లేవండి. గ్రానైట్ తడిగా ఉంటే జారుతుంది, ముందు తుడుచుకోండి.

ఎప్పుడు కిందికి దిగాలో చెప్పే కొలత ఒకటి పెట్టుకోండి. ఒక ఎత్తులో శుభ్రంగా పన్నెండు చొప్పున మూడు సెట్లు, మధ్యలో రెండు నిమిషాల విశ్రాంతితో వస్తే, మర్నాడు కాదు, వచ్చే వంతులో ఒక మెట్టు దిగండి. దిగాక పన్నెండు కాస్తా ఏడో ఎనిమిదో అవుతుంది. కంగారు పడక్కర్లేదు, అది అలాగే ఉండాలి. ఐదు కూడా రాకపోతే మాత్రం తొందరపడ్డట్టే, మళ్లీ ఒక మెట్టు ఎక్కండి. వారానికి మూడు రోజులు చాలు. రోజూ చేస్తే మొదట కండరాలు కాదు, మోచేతులు, మణికట్లు మొరాయిస్తాయి.

మెట్ల మీద ఒక ఇబ్బంది ఉంది, దాన్ని చాలామంది చెప్పరు. రెండో మెట్టు, మొదటి మెట్టు దగ్గరికి వచ్చేసరికి ఒళ్లు నేలకి సమాంతరంగా అవుతుంది కాబట్టి, దిగినప్పుడు ముఖం పై మెట్టు అంచుకి తగలబోతుంది. దాన్ని తప్పించుకోవడానికి మెడ వెనక్కి విరుస్తారు, లేదా సగంలోనే ఆగిపోతారు. అక్కడ మెట్లు వదిలేసి వీధరుగుకో, కదలని పొట్టి బల్లకో మారండి. ఆఖరి 6 అంగుళాలకి ఒక్కో చేతి కింద ఒక్కో చెక్క పీట పెట్టుకోండి. రెండూ ఒకే ఎత్తువి, కాళ్లు ఊగనివి అయి ఉండాలి. పీటలకి ఇంకో లాభం ఉంది. అంచు పట్టుకుంటే మణికట్టు పూర్తిగా వెనక్కి విరగదు, మణికట్టు నొప్పి ఉన్నవాళ్లకి హాయిగా ఉంటుంది.

తప్పు ఎక్కడ జరుగుతోందో తెలియాలంటే ఫోన్ పక్కన నేల మీద నిలబెట్టి వీడియో తీసుకోండి. ఎదురుగా పెడితే ఏమీ తెలియదు, పక్క నుంచే తీయాలి. ఎక్కువగా కనిపించేది నడుము జారిపోవడం. పొట్ట ముందు కిందికి వెళ్తుంది, లేచేటప్పుడు భుజాలు ముందు లేచి నడుము వెనక వస్తుంది. మర్నాడు నడుము కింద పట్టేసినట్టుంటే కారణం అదే. ఆ ఎత్తులో చేయడం మీకు ఇంకా కష్టమన్నమాట. రెండోది, గడ్డం ముందుకి చాచి రొమ్ము దిగినట్టు భ్రమ పడడం. మూడోది, మోచేతులు రెక్కల్లా పక్కలకి పూర్తిగా తెరుచుకోవడం. దానివల్ల భుజం ముందు భాగంలో చురుక్కుమంటుంది. కండరం మండడం వేరు, కీలులో పొడిచినట్టుండడం వేరు. రెండోది వస్తే ఆ రోజుకి ఆపేయండి.

దండీలతో మొదలుపెట్టమని పెద్దవాళ్లు చెప్తారు. దండీ గొప్ప వ్యాయామమే. కానీ అందులో నడుము పైకెత్తి, ఒళ్లు నేలకి రాసుకున్నట్టు ముందుకి దూసుకెళ్లాలి. భుజం బాగా వంగుతూ బరువు మోయాలి. నేల మీద పది పుష్‌అప్స్ వచ్చాక నేర్చుకుంటే సుఖం.

ఇక పుల్‌అప్. పుష్‌అప్స్ బాగా చేస్తే పుల్‌అప్ దానంతట అదే వస్తుందనుకోవడం రెండో పెద్ద పొరపాటు. తోసే కండరాలు వేరు, లాగే కండరాలు వేరు. పైగా 70 కిలోల మనిషి పుష్‌అప్‌లో 45 కిలోలు తోస్తే, పుల్‌అప్‌లో దాదాపు 70 కిలోలూ లాగాలి. అందుకే మొదటి వారం నుంచే లాగే సాధన పక్కపక్కనే నడవాలి.

వేలాడే చోటు విషయంలో జాగ్రత్త. తలుపు పైన తగిలించే బార్‌లు ద్వారబంధం పైన బయటికి పొడుచుకొచ్చిన పట్టీ ఉంటేనే నిలుస్తాయి. మన ఇళ్లలో చాలా ద్వారబంధాలు గోడతో సమంగా ఉంటాయి, అక్కడ దానికి పట్టు దొరకదు. ద్వారబంధం మధ్యలో మర తిప్పి బిగించే రకం నునుపు పెయింట్ మీద మెల్లగా జారుతుంది. గోడకి బిగించే బార్ కొంటే కాంక్రీటు బీమ్‌కో గట్టి ఇటుక గోడకో యాంకర్ బోల్టులతో వేయించండి. బోలు ఇటుకల గోడ దీనికి పనికిరాదు. ఉయ్యాల కోసం శ్లాబులో వేసిన కొక్కేలు మీ ఇంట్లో ఉంటే అదృష్టవంతులు. తుప్పు పట్టలేదని చూసుకుని రెండు చెక్క రింగులు వేలాడదీస్తే చాలు, ఎత్తు మీ ఇష్టం. ఫ్యాన్ కొక్కేనికి మాత్రం ఎప్పుడూ వేలాడకండి.

అవేవీ లేకపోతే దుప్పటి. గట్టి నూలు దుప్పటి చివర పెద్ద ముడి వేసి, ఆ ముడిని తలుపుకి అవతల పైన ఉంచి తలుపు మూసి గడియ పెట్టండి. మీరు లాగితే తలుపు ఇంకా గట్టిగా మూసుకునే వైపే నిలబడాలి, అంటే తలుపు మీ నుంచి అవతలికి తెరుచుకోవాలి. దుప్పటి పట్టుకుని వెనక్కి వాలి, రొమ్ము చేతుల దాకా లాగండి. పాదాలు తలుపుకి దగ్గరయ్యేకొద్దీ కష్టం పెరుగుతుంది. ఇక్కడా అదే కొలత, పన్నెండు చొప్పున మూడు సెట్లు. లాగేముందు భుజాలు చెవుల దగ్గర్నుంచి కిందికి దించాలి. లేకపోతే వీపు ఊరుకుంటుంది, పనంతా చేతులదే అవుతుంది.

రింగులు కిందికి దించి, ఒళ్లు దాదాపు నేలకి సమాంతరంగా ఉంచి పది లాగగలిగి, బార్‌కి ముప్పై సెకన్లు వేలాడగలిగితే, దిగడం మొదలుపెట్టొచ్చు. అరచేతులు మీ వైపు ఉండేలా బార్ పట్టుకోండి, జబ్బ కండరం సాయం వస్తుంది కాబట్టి ఈ పట్టు తేలిక. స్టూలు ఎక్కి గడ్డం బార్ పైన ఉంచి, కాళ్లు వదిలి, ఐదు సెకన్లలో దిగండి. మోచేయి సగం వంగిన చోట పట్టు తప్పి ధబాలున జారిపోతారు, అందరికీ అక్కడే. ఆ చోట ఒక సెకను ఆగడం నేర్చుకోండి. ఒక వంతుకి నాలుగైదు, వారానికి రెండు రోజులు, అంతకు మించి వద్దు. దిగే కదలికే కండరాన్ని ఎక్కువగా నొప్పించేది. అతిగా చేస్తే మోచేయి లోపలి వైపు ఎముక దగ్గర నొప్పి మొదలై నెలల తరబడి వదలదు.

పది సెకన్ల దిగుడు మూడుసార్లు వస్తే, బాగా విశ్రాంతి తీసుకున్న రోజున కింది నుంచి లాగి చూడండి. ఒకటి వచ్చాక రెండోది కోసం కాళ్లు తన్నుకోకండి. ఒకటి చేసి, దిగి, రెండు నిమిషాలు ఆగి, మళ్లీ ఒకటి. అలా ఐదు ఒకట్లు శుభ్రంగా వచ్చాకే రెండు కలిపి చేయండి. చేయలేని రోజున దిగుళ్లే చేయండి, దుప్పటి లాగడం మాత్రం మానొద్దు.