వడ్డీ రేట్లు పెరిగితే బాండ్ ఉన్నవాళ్లకు పండగేనా?

"వడ్డీ రేట్లు పెరుగుతున్నాయి, బాండ్లు ఉన్నవాళ్లకు ఇక పండగే, వడ్డీ ఎక్కువ వస్తుంది. గవర్నమెంట్ బాండ్ ధర పడిందంటే గవర్నమెంట్ డబ్బులు ఎగ్గొడుతుందేమో అని భయం పట్టుకున్నట్టు. అయినా చివరిదాకా ఉంచుకుంటే పైసా నష్టం లేదు." ఈ మూడు మాటలూ తరచూ వినిపిస్తుంటాయి.

మొదటి మాట తీసుకుందాం. 2022 జనవరిలో కేంద్రం జారీ చేసిన పదేళ్ల బాండ్‌కు కూపన్, అంటే ఏటా ఇచ్చే వడ్డీ, 6.54 శాతం. వంద రూపాయల బాండ్ మీద ఏడాదికి 6.54 వస్తుంది, 2032లో అసలు చేతికొచ్చేదాకా అంతే, బ్యాంకులకు అప్పిచ్చే రెపో రేటును ఆర్‌బీఐ ఎంత పెంచినా అందులో పైసా మారదు. ఆర్‌బీఐ ఫ్లోటింగ్ రేట్ సేవింగ్స్ బాండ్ల లాంటి వాటికి ఆరు నెలలకోసారి వడ్డీ మారుతుంది నిజమే, కానీ అవి వేరు.

ఇక ధర సంగతి, ఇక్కడే అందరూ తడబడతారు. ఆ మే నెలలో రెపో రేటు 4 నుంచి 4.40 అయింది, జూన్‌కల్లా పదేళ్ల బాండ్ల మీద మార్కెట్ అడిగే రాబడి 7.5 శాతం దాటింది. మీ 6.54 బాండ్‌ను అప్పుడు వందకి ఎవరు కొంటారు చెప్పండి, పక్కనే 7.5 వస్తుంటే? అందుకే కొనేవాడు మీ బాండ్ నుంచి రాబోయే ఒక్కో చెల్లింపునూ 7.5తో వెనక్కి లెక్కగట్టి, ఈరోజు దాని విలువెంతో చూస్తాడు. (నిజానికి కూపన్ ఆరు నెలలకోసారి 3.27 చొప్పున వస్తుంది. లెక్క తేలిగ్గా ఉండడానికి ఏడాదికోసారి అనుకుంటున్నాను, పదేళ్లూ మిగిలే ఉన్నాయనీ అనుకుంటున్నాను.)

మొదటి ఏడాది కూపన్: 6.54 ÷ 1.075, అంటే 6.08. పాత 6.54 శాతం రేటుతో చూస్తే అది 6.14, కాబట్టి తగ్గింది ఆరు పైసలే. పదో ఏడాది అసలుతో కలిపి వచ్చే 106.54ను మాత్రం 1.075తో పదిసార్లు భాగించాలి. పాత రేటుతో 56.54 ఉన్నది 51.69కి దిగిపోతుంది, ఒక్క ఆ చెల్లింపులోనే 4.85 పోయింది! పదీ కూడితే ధర 93.41. అదే బాండ్‌కు రెండేళ్లే మిగిలి ఉంటే 98.28 వచ్చేది. ఎంత దూరపు డబ్బైతే అంత దెబ్బ. ఇందులో ఎగ్గొడతారన్న భయం ఎక్కడా లేదు, చెల్లింపులన్నీ రూపాయి తగ్గకుండా వస్తాయనుకునే ఈ లెక్క వేశాం.

మూడోది సగం నిజం. ఉంచుకుంటే 2032లో వందా వస్తుంది, కానీ అప్పటిదాకా 7.5 వచ్చే చోట 6.54తో కూర్చుంటారు, మధ్యలో పిల్లల ఫీజుకో ఆపరేషన్‌కో అమ్మాల్సొస్తే ఆ 93.41 చేతిలోకే వచ్చి నష్టం తేలిపోతుంది. గవర్నమెంట్ బాండ్లు కొనే మ్యూచువల్ ఫండ్, అదే గిల్ట్ ఫండ్‌లో పెట్టినవాళ్లకైతే మామూలుగా ఆ 'చివర' అనే తేదీయే ఉండదు. ఫండ్ మేనేజర్ బాండ్లు మారుస్తూనే ఉంటాడు, ధర తగ్గిన రోజునే ఎన్ఏవీ, అంటే ఫండ్ యూనిట్ విలువ కూడా తగ్గుతుంది.