సగటు లాభం పది శాతం, చేతిలో నష్టం

నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు తీరం వెంట, ప్రకాశంలో కొత్తపట్నం, సింగరాయకొండ వైపు రొయ్యల సాగు లాభాలను లెక్కగట్టే పద్ధతి ఒకటే. మంచి పంటల శాతాలు, చెడ్డ పంటల శాతాలు కలిపి, పంటల సంఖ్యతో భాగిస్తారు. వచ్చిన సగటును చూసి చెరువు లీజు పెంచుతారు. వచ్చిందంతా తిరిగి చెరువులోనే పెట్టే రైతును ఈ సగటు ఘోరంగా తప్పుదారి పట్టిస్తోంది.

ఒక లెక్క వేసి చూద్దాం. వనామీ రొయ్యల సాగుకు ఒక రైతు 10 లక్షల రూపాయలు పెట్టాడు. తొలి పంటకు కౌంట్, అంటే కిలోకు తూగే రొయ్యల లెక్క, బాగా వచ్చి, ధర నిలిచి, 60 శాతం లాభం దక్కింది. చేతిలో 16 లక్షలు. ఆ మొత్తం రెండో పంటలో పెట్టగానే తెల్లమచ్చ వైరస్ సోకి, అరవై రోజులకే రొయ్యలు పట్టేయాల్సి వచ్చింది. నష్టం 40 శాతం. మిగిలింది 9.60 లక్షలు. మూడో పంట మళ్లీ 60 శాతం పైకి, నాలుగోది మళ్లీ 40 శాతం కిందికి పోతే చివరకు ఉండేది 9 లక్షల 21 వేల 600. సగటు చూస్తే పంటకు 10 శాతం లాభం. లెక్కలో కూడిక తప్పు లేదు, భాగహారం తప్పు లేదు. కానీ రైతు దగ్గర తెచ్చిన పది లక్షలు కూడా లేవు.

కారణం స్పష్టం. లాభం వచ్చింది 10 లక్షల మీద, నష్టం వచ్చింది 16 లక్షల మీద. చిన్న మొత్తంపై వచ్చిన అరవై శాతాన్ని, పెద్ద మొత్తంపై పోయిన నలభై శాతం మింగేసింది. నష్టం ముందు వచ్చి లాభం తర్వాత వచ్చినా ఫలితం మారదు: 10 లక్షలు 6 అవుతాయి, ఆరు మీద 60 శాతం కలిస్తే అదే 9.60. నలభై శాతం పోయిన పెట్టుబడి మొదటి స్థాయికి రావాలంటే దాదాపు 67 శాతం లాభం కావాలి. పంట మీద పంట వేసేవారి డబ్బు కూడికతో కాదు, గుణకారంతో నడుస్తుంది. కాబట్టి చూడవలసింది అంకమధ్యమం కాదు, గుణమధ్యమం. ఇక్కడ 1.60ని 0.60తో గుణిస్తే 0.96. ఇది రెండు పంటల ఫలితం కాబట్టి దాని వర్గమూలం తీయాలి, అది సుమారు 0.98. అంటే పంటకు రెండు శాతం నష్టం.

ఈ రెండు సగటుల మధ్య తేడా ఎంతో అంచనా వేయడానికి సులువైన సూత్రం ఉంది. ఒడుదొడుకుల తీవ్రతను, అంటే ప్రామాణిక విచలనాన్ని, వర్గం చేసి సగం తీసుకుంటే చాలు. మన రైతు ఫలితాలు సగటుకు అటూ ఇటూ 50 శాతం ఊగుతున్నాయి. 0.50 వర్గం 0.25, అందులో సగం పన్నెండున్నర శాతం. పదిలోంచి పన్నెండున్నర తీసేస్తే మైనస్ రెండున్నర. అసలు జవాబుకు దగ్గరే. ఊపు రెట్టింపైతే కోత నాలుగు రెట్లవుతుంది. 10 శాతం ఊపుకు కోత అర శాతమే, 20కి రెండు శాతం, 40కి ఎనిమిది శాతం. వైరస్‌తోపాటు, 2025 ఆగస్టులో మన ఎగుమతులపై అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పటిలాంటి దెబ్బలు కూడా తగిలే పంటకు ఇది చిన్న విషయం కాదు.

ప్రతి పంటకూ అదే 10 లక్షలు పెట్టి, లాభాన్ని బయటకు తీసి, నష్టాన్ని వేరే ఆదాయంతో పూడ్చుకునే రైతుకు మాత్రం మామూలు సగటే సరైనది. నాలుగు పంటలకు అతనికి మిగిలేది 4 లక్షలు. మిగతావారికి మేము గట్టిగా చెప్పదలచింది ఇదీ: ప్రతి పంటకూ ఉన్న డబ్బులో సగమే చెరువులో పెట్టి, సగం బ్యాంకులో ఉంచండి. బ్యాంకు వడ్డీ లెక్కలోకి తీసుకోకపోయినా, అవే నాలుగు పంటలకు 10 లక్షలు మొదట 13 అవుతాయి, తర్వాత 10.40, ఆపై 13.52, చివరికి దాదాపు 10.82 లక్షలు. సగటు ఐదు శాతానికి పడిపోయింది, డబ్బు మాత్రం పెరిగింది. అయితే ప్రతి పంట తర్వాత మొత్తాన్ని మళ్లీ సగం సగం చేయాలి. ఊపు తక్కువగా ఉన్న పంటలో ఈ పద్ధతి లాభాన్ని తగ్గిస్తుందనీ గుర్తుంచుకోవాలి.

అప్పు దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో పని చేస్తుంది. మేత, సీడ్ అరువుకు తెచ్చి ప్రతి పంటకూ సొంత డబ్బుకు అంతే అప్పు కలిపితే, సొంత డబ్బు మీద లాభం 120 శాతం, నష్టం 80 శాతం. సగటు 20 శాతానికి ఎగబాకి ఆకర్షణీయంగా కనిపిస్తుంది. రెండు పంటలకే చేతిలో మిగిలేది 4.40 లక్షలు, అదీ వడ్డీ కట్టకముందు.

మ్యూచువల్ ఫండ్ ప్రకటనల్లో ఏడాదికి మించిన రాబడిని చక్రవృద్ధి రేటుగానే చూపాలని సెబీ నిబంధన ఉంది. చెరువు రుణాల కోసం తయారయ్యే ప్రాజెక్టు నివేదికలకూ అలాంటి నియమం కావాలి. బ్యాంకులు, మత్స్యశాఖ అధికారులు సగటు లాభం పక్కనే ఒక గడి పెట్టి, ఒక చెడ్డ పంటను కలిపి, వరుసగా నాలుగు పంటల తర్వాత రైతు చేతిలో మిగిలే సొంత పెట్టుబడి ఎంతో రూపాయల్లో రాయించాలి. ఆ గడి ఖాళీగా ఉన్న నివేదికపై రుణం మంజూరు చేయకూడదు.