‘నార్మల్ వచ్చీసింది కదా’ అని స్టాటిన్ ఆపేసేవాళ్ల కోసం

‘కొలెస్ట్రాల్ నార్మల్ వచ్చింది, అందుకే మాత్ర ఆపేశాను’ అనే మాట ఎక్కడ విన్నా నాకు కోపం వచ్చేస్తుంది. బీచ్ రోడ్డులో పొద్దున్న నడిచేవాళ్ల కబుర్లలో, పెళ్లి భోజనాల దగ్గర, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో, అన్నిచోట్లా ఇదే మాట. దానికి తోడు ఈమధ్య ఇంకో ఫార్వర్డ్ తిరుగుతోంది. కొలెస్ట్రాల్ తగ్గించే ఈ స్టాటిన్ మాత్ర లివర్ పనిని ఆపేస్తుందట, లివర్ మెల్లగా మొద్దుబారిపోతుందట. నేను డిగ్రీ పిల్లలకు బయోకెమిస్ట్రీ చెప్తాను. ఆ మాత్ర లోపలికి వెళ్లి ఏం చేస్తుందో తెలియకపోవడం వల్లే ఈ రెండు మాటలూ పుడుతున్నాయి. డాక్టర్ల దగ్గర కూడా చీటీ రాసే తొందరే తప్ప, ఈ ఒక్క సంగతి కూర్చోబెట్టి చెప్పే తీరిక కనిపించదు. అందుకే ఇంత పెద్ద పోస్ట్.

మా మావయ్య సంగతే తీసుకోండి. గాజువాకలో ఉంటాడు, షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. మొదటి రిపోర్టులో ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్ అంటామే అది, 172. డాక్టర్ అటోర్వాస్టాటిన్ అనే స్టాటిన్ 20 మి.గ్రా. రాశారు, 70 లోపుకి రావాలన్నారు. కొన్ని వారాలు వేసుకున్నాక రిపోర్టులో 98 వచ్చింది. ల్యాబ్ కాగితం మీద పక్కనే ‘100 లోపు’ అని అచ్చేసి ఉంటుంది కదా, అది చూసి మాత్ర మానేశాడు. రెండు నెలలు పోయాక మళ్లీ చేయిస్తే 166. ‘ఏటమ్మా, ఆ మందు పనిచెయ్యలేదు, చూసావా?’ అని నన్నే అడిగాడు. నిజానికి మందు పనిచేసిందనడానికి ఆ 166 కంటే గట్టి రుజువు అక్కర్లేదు.

ఎందుకో చెప్తాను. మనలో చాలామంది బుర్రలో ఉన్న బొమ్మ ఏమిటంటే, మాత్ర రక్తంలోకి వెళ్లి అక్కడున్న కొవ్వును కరిగిస్తుందని. అలా కరిగించేదే అయితే, కరిగిపోయాక ఆపేసినా నష్టం లేదు. కానీ స్టాటిన్ రక్తంలో ఏమీ కరిగించదు. అది పనిచేసే చోటు లివర్ కణం లోపల. లివర్ కణం తనకు కావలసిన కొలెస్ట్రాల్‌ను చాలావరకు తానే తయారుచేసుకుంటుంది. అసిటైల్-కోఏ అనే చిన్న ముక్కల్ని ఒకదానికొకటి అతికించుకుంటూ, ముప్ఫై దాకా మెట్లు దాటితే కొలెస్ట్రాల్ అవుతుంది. ఆ మెట్లన్నిటిలో వేగాన్ని నిర్ణయించేది మొదట్లోనే ఉంది. హెచ్‌ఎంజీ-కోఏ అనే పదార్థాన్ని మెవలొనేట్‌గా మార్చే మెట్టు అది. ఆ పని చేసే ఎంజైమ్ పేరు హెచ్‌ఎంజీ-కోఏ రిడక్టేజ్. స్టాటిన్ అణువులో ఒక కొస అచ్చం హెచ్‌ఎంజీలాగే ఉంటుంది. అది వెళ్లి హెచ్‌ఎంజీ-కోఏ కూర్చోవలసిన చోట కూర్చుంటుంది, అదీ దానికంటే వేల రెట్లు గట్టిగా. ఎంజైమ్ చావదు, పాడవదు. మందు లేచిపోతే మళ్లీ పనిలోకి దిగుతుంది. ‘లివర్ పనిని ఆపేస్తుంది’ అనే ఫార్వర్డ్‌కి ఇదే జవాబు. ఒక ఎంజైమ్ నెమ్మదిస్తుంది, అదీ కొంతవరకే. పైగా, లివర్ ఇంకా చురుగ్గా చేసే పని ఒకటి అప్పుడే మొదలవుతుంది.

అసలు విషయం ఇక్కడుంది, ఇదే ఎవరూ చెప్పరు. రక్తంలో ఎల్‌డీఎల్ తగ్గేది ప్రధానంగా తయారీ తగ్గినందువల్ల కాదు. తయారీ తగ్గేసరికి లివర్ కణానికి కొలెస్ట్రాల్ కొరత వస్తుంది, ఆ కొరతకు అది స్పందించే తీరువల్ల తగ్గుతుంది. కణం లోపల ఎండోప్లాస్మిక్ రెటిక్యులం అనే పొరల్లో ఎస్‌ఆర్‌ఈబీపీ-2 అనే ప్రోటీన్ ఉంటుంది. కొలెస్ట్రాల్ సరిపడా ఉన్నంతసేపూ అది అక్కడే కట్టుబడి ఉంటుంది. కొరత రాగానే కట్టు విడిపోతుంది. ఆ ప్రోటీన్ కణంలోనే గాల్జీ అనే ఇంకో భాగం దగ్గరికి చేరుతుంది, అక్కడ రెండు ఎంజైమ్‌లు దాన్ని వరసగా కోస్తాయి, తెగిన ముక్క కేంద్రకంలోకి వెళ్లి కొన్ని జన్యువుల్ని మేల్కొలుపుతుంది. వాటిలో ముఖ్యమైనది ఎల్‌డీఎల్ రిసెప్టర్ జన్యువు. దాంతో లివర్ కణం పైపొర మీద ఎల్‌డీఎల్ రిసెప్టర్లు పెరుగుతాయి. బయట రక్తంలో పోతున్న ఎల్‌డీఎల్‌ను పట్టుకుని లోపలికి లాగేవి ఇవే.

ఒక్కో రిసెప్టర్ మన ఫిషింగ్ హార్బర్ పడవలాంటిది. పైకి వెళ్లి ఎల్‌డీఎల్‌ను పట్టుకుంటుంది, లోపలికి తెచ్చి దించుతుంది, ఖాళీగా మళ్లీ పైకి పోతుంది. ఒక్కో విడతకు పది నిమిషాలు పడుతుంది. దించిన ఎల్‌డీఎల్‌ను కణంలో జీర్ణసంచిలాంటి లైసోజోమ్ ముక్కలు చేస్తుంది, అందులోని కొలెస్ట్రాల్‌తో కణం తన కొరత తీర్చుకుంటుంది. అంటే కణం లోపల కొరతను సృష్టించి, రక్తంలో ఉన్న సరుకుతో దాన్ని నింపించుకోవడమే ఈ మందు పని. రిసెప్టర్‌ను, అది తిరిగే ఈ దారిని కనిపెట్టిన మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది.

రిసెప్టర్లే కీలకం అనడానికి ఏమిటి ఆధారం అంటారా? తల్లి నుంచీ తండ్రి నుంచీ చెడిపోయిన రిసెప్టర్ జన్యువు వచ్చిన పిల్లలు ఉంటారు. వాళ్లకు ఎల్‌డీఎల్ 500 దాటడం మామూలే, చిన్న వయసులోనే గుండెపోటు వస్తుంది. రిసెప్టర్ అసలే పనిచేయని అలాంటి పిల్లలకు స్టాటిన్ ఎంత ఇచ్చినా ఎల్‌డీఎల్ కొద్దిగానే దిగుతుంది. తయారీ వాళ్లలోనూ తగ్గుతుంది, కానీ రక్తంలోంచి లాగే రిసెప్టర్ లేదు. తయారీ తగ్గించడం ఒక్కటే చాలేటట్టయితే ఆ పిల్లలకూ మందు బాగా పనిచేసి ఉండేది.

ఇప్పుడు మావయ్య దగ్గరికి వద్దాం. మాత్ర వేసుకున్నన్నాళ్లూ ఆయన లివర్‌లో కొరత ఉంది, రిసెప్టర్లు ఎక్కువ ఉన్నాయి, ఎల్‌డీఎల్ 98 దగ్గర నిలబడింది. మాత్ర మానేశాడు. కొద్దిరోజుల్లో మందు ఒంట్లోంచి పోతుంది. ఎంజైమ్ మళ్లీ పనిలోకి దిగుతుంది, కణం నిండుతుంది, ఎస్‌ఆర్‌ఈబీపీ-2 మళ్లీ పొరల్లో కట్టుబడిపోతుంది. కొత్త రిసెప్టర్ల తయారీ పడిపోతుంది. ఉన్నవాటి ఆయువు ఒక రోజుకి అటూ ఇటూ. ఇక కొన్ని వారాల్లో ఎల్‌డీఎల్ పాత చోటికి చేరకుండా ఎలా ఉంటుంది? ఆ 98 మావయ్య సొంత సంఖ్య కాదు, మాత్ర వేసుకుంటున్న మావయ్య సంఖ్య. నేను ఇలా చెప్పాక ఆయన కాసేపు ఆలోచించి, ‘అయితే బీపీ మాత్రలాగే అన్నమాట’ అన్నాడు. అవును మావయ్యా, అంతే.

మళ్లీ మొదలుపెడదామని డాక్టర్ దగ్గరికి వెళ్తే ఇంకో పేచీ. 20 మి.గ్రా.తో 98 వస్తే 40తో 60కి రావాలి కదా అని మావయ్య లెక్క. అలా రాదు. స్టాటిన్ మోతాదు రెట్టింపు చేసిన ప్రతిసారీ మొదటి విలువ మీద ఇంకో ఆరు శాతం మాత్రమే అదనంగా తగ్గుతుంది. 20 మి.గ్రా. సుమారు 43 శాతం తగ్గిస్తే, 40 మి.గ్రా. 49 దాకా. మావయ్య 172 మీద లెక్కేస్తే 88 వస్తుంది. 80 మి.గ్రా.కి వెళ్లినా 77 దగ్గరే ఆగిపోతుంది. కారణం అదే ఎస్‌ఆర్‌ఈబీపీ-2. అది రిసెప్టర్ జన్యువును ఒక్కదాన్నే లేపదు. స్టాటిన్ అడ్డుకుంటున్న ఆ రిడక్టేజ్ జన్యువునూ లేపుతుంది, కాబట్టి ఎంజైమ్ సంఖ్య పెరుగుతుంది. దాంతోపాటు పీసీఎస్‌కే9 అనే ఇంకో ప్రోటీన్‌నూ పెంచుతుంది. పీసీఎస్‌కే9 అంటుకున్న రిసెప్టర్ తిరిగి పైకి పోదు, ఎల్‌డీఎల్‌తో పాటే లైసోజోమ్‌లో ముక్కలైపోతుంది. మందు ఎంత గట్టిగా నెడితే కణం అంత గట్టిగా ఎదురు నెడుతుంది.

ఈ ఎదురునెట్టుడు వల్లే స్టాటిన్ కథ మొదట్లోనే ముగిసిపోవలసింది. జపాన్‌లో అకిరా ఎండో అనే ఆయన వేల రకాల బూజుల్ని జల్లెడపట్టి 1973లో పెనిసిలియం సిట్రినం నుంచి కాంపాక్టిన్ అనే తొలి స్టాటిన్ పట్టుకున్నారు. ఎలుకలకిస్తే కొలెస్ట్రాల్ తగ్గలేదు. వాటి లివర్ రిడక్టేజ్ ఎంజైమ్‌నే విపరీతంగా పెంచేసుకుని మందును కాచుకుంది. ఆయన వదిలెయ్యకుండా గుడ్లుపెట్టే కోళ్లకిచ్చి చూస్తే తగ్గింది, కుక్కల్లోనూ తగ్గింది. ఎలుక దగ్గర ఆగిపోయి ఉంటే 1987లో అమెరికాలో లోవాస్టాటిన్‌కు అనుమతి వచ్చేదే కాదని నా నమ్మకం.

మరి 70 చేరాలంటే? ఎజెటిమైబ్ అనే ఇంకో మాత్ర ఉంది. అది లివర్ జోలికి పోకుండా, పేగులో కొలెస్ట్రాల్ లోపలికి ఎక్కే దారిని అడ్డుతుంది. పేగు నుంచి సరుకు తగ్గితే లివర్‌కు మళ్లీ కొరత, మళ్లీ రిసెప్టర్లు. ఉన్న విలువ మీద ఇంకో ఇరవై శాతం దాకా తగ్గుతుంది. అంటే 40 మి.గ్రా. స్టాటిన్‌తో వచ్చే 88, దీంతో కలిపితే 70 దగ్గరికి వస్తుంది. ఒక్క స్టాటిన్‌నే 80 మి.గ్రా.కి పెంచినా రాని ఫలితం ఇది. మావయ్య డాక్టర్ చివరికి రాసింది ఈ జోడీనే.

సైడ్ ఎఫెక్ట్స్ లేవని నేను అనను. కండరాల నొప్పి కొందరికి నిజంగానే వస్తుంది. నొప్పితో పాటు బాగా నీరసం, మూత్రం ముదురు రంగులోకి మారడం కనిపిస్తే అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి, అది అరుదైనా ప్రమాదకరం. షుగర్ కొద్దిగా పెరగొచ్చు. కడుపుతో ఉన్నవాళ్లకు మామూలుగా ఇవ్వరు. అయితే 2020లో ప్రచురించిన ఒక పరీక్ష గురించి చెప్పాలి. సైడ్ ఎఫెక్ట్స్ వల్ల స్టాటిన్ మానేసిన 60 మందికి కొన్ని నెలలు అసలు మాత్ర, కొన్ని నెలలు మందులేని ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏదీ లేకుండా చూశారు. స్టాటిన్‌తో వచ్చిన బాధల్లో 90 శాతం ఆ ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చాయి. బాధ అబద్ధం కాదు, దాని కారణం మాత్రం ఎక్కువసార్లు మందు కాదు. కాబట్టి నొప్పి వస్తే, కండరాలు దెబ్బతిన్నాయేమో రక్తంలో చూసే సీకే పరీక్ష చేయించి డాక్టర్‌తో మాట్లాడండి. మోతాదు తగ్గించొచ్చు, వేరే స్టాటిన్‌కి మార్చొచ్చు. ఎవరికీ చెప్పకుండా మానెయ్యకండి.

ఇంట్లో ఎవరైనా స్టాటిన్ వాడుతుంటే మందు మొదలుపెట్టకముందు తీసిన ఎల్‌డీఎల్ రిపోర్టు వెతికి పట్టుకోండి. మొదలుపెట్టాక, లేదా మోతాదు మార్చాక, నాలుగు నుంచి పన్నెండు వారాల మధ్య తీసిన రిపోర్టును దాని పక్కన పెట్టి ఎంత శాతం తగ్గిందో చూడండి. 20 మి.గ్రా. అటోర్వాస్టాటిన్‌తో పది శాతమే తగ్గిందంటే మాత్ర సరిగ్గా వేసుకోవడం లేదని ముందు అనుమానించాలి. ఇక ల్యాబ్ కాగితం మీద ‘100 లోపు’ అన్నది అందరికీ కలిపి అచ్చేసిన అంకె. మీ అంకె ఎంతో డాక్టర్‌ని అడిగి, ఆ రిపోర్టు మీదే పెన్నుతో రాయించుకోండి.