చెరిపేసిన కాల్స్ లెక్క

పొద్దున తొమ్మిదిన్నర దాటగానే ఫోన్ మోగుతుంది. టెలిగ్రామ్ గ్రూపులో ఒకే ఒక వరుస: “BUY NIFTY 24500 CE ABOVE 120, SL 95, TGT 130/150/200”. నిఫ్టీ సూచీ మీది 24500 కాల్ ఆప్షన్ ధర 120 దాటితే కొనండి, 95కు పడితే నష్టానికైనా అమ్మేయండి, అదే స్టాప్‌లాస్, 130, 150, 200 లాభానికి అమ్మే టార్గెట్లు అని దానర్థం. ఇలాంటి సలహానే గ్రూపుల్లో ‘కాల్’ అంటారు. కింద చిన్న అక్షరాల్లో ‘ఎడ్యుకేషన్ పర్పస్ ఓన్లీ’. అరగంట తిరక్కుండానే ఆకుపచ్చ టిక్కులతో, రాకెట్ బొమ్మలతో ఇంకో పోస్టు పడుతుంది: ఫస్ట్ టార్గెట్ డన్! నెలాఖరుకు వీటన్నింటినీ ఒకచోట పేర్చి పోస్టరు వేస్తారు. 18 కాల్స్, 15 హిట్, 83 శాతం యాక్యురసీ. ఆ పక్కనే వీఐపీ గ్రూపు చందా కట్టడానికి క్యూఆర్ కోడ్.

ఆ 83 ఎలా పుడుతుందో ఒక ఊహా లెక్క వేసి చూద్దాం. అంకెలు మేం వేసుకున్నవే. పద్ధతి మాత్రం ఈ గ్రూపుల్లో నాలుగు నెలలు గడిపిన వాళ్లందరికీ పరిచయమైనదే.

కిటుకంతా ‘టార్గెట్ హిట్’ అన్న మాటలోనే ఉంది. పైన చెప్పిన కాల్‌లో 120కి కొంటే మొదటి టార్గెట్ దగ్గర వచ్చేది 10 పాయింట్లు. స్టాప్‌లాస్ తగిలితే పోయేది 25. అంటే ఒక్క నష్టం రెండున్నర గెలుపులను మింగేస్తుంది. మొదటి టార్గెట్‌కే అమ్ముకునే మనిషి నష్టపోకుండా ఉండాలంటే వంద కాల్స్‌లో కనీసం 72 గెలవాలి. వందకు 70 గెలిపించే గ్రూపు వినడానికి ఘనంగానే ఉంటుంది కానీ, దాన్ని నమ్ముకున్నవాడి డబ్బు నెలనెలా కరిగిపోతూనే ఉంటుంది. గెలుపు శాతం ఒక్కటే చెప్పి, గెలిస్తే ఎంత వచ్చింది, ఓడితే ఎంత పోయింది అన్నది దాచారంటే ఆ శాతానికి అర్థం లేదు.

ఇప్పుడు పోస్టరులోని 15 హిట్లను విప్పుదాం. వాటిలో రెండు మాత్రమే 200 దాకా వెళ్లాయనుకోండి. మిగతా 13 కాల్స్ 130 తాకి, వెనక్కి తిరిగి 95కు పడ్డాయి. గ్రూపు ఖాతా రాసేటప్పుడు ఆ రెంటికీ చెరో 80 పాయింట్లు వేసుకుంటుంది, 13 కాల్స్‌కు తలా 10 వేసుకుంటుంది. ఒప్పుకున్న మూడు నష్టాల 75 పాయింట్లు తీసేస్తే మిగిలేది 215 పాయింట్ల లాభం. ఆ లాభం ఎవరి చేతికి వచ్చింది? 130 దగ్గర అమ్మేసినవాడికి 200 చూసే యోగం లేదు. 200 కోసం కూర్చున్నవాడికి ఆ 13 కాల్స్ అన్నీ నష్టాలే. ఏ కాల్‌లో ఎక్కడ దిగాలో ముందే తెలిసినవాడికి తప్ప ఆ 215 ఎవరికీ రాదు. మొదటి పద్ధతి పట్టుకున్నవాడికి 150 వచ్చి, 75 పోయి, 75 మిగులుతుంది. అదీ గ్రూపు చూపించిన 18 కాల్సే నిజమని నమ్మితేనే.

ఆ నెలలో గ్రూపు నిజంగా ఇచ్చినవి 22 అనుకోండి. స్టాప్‌లాస్ తగిలిన నాలుగింటిని అదే రోజు సాయంత్రం చెరిపేశారు. ఆ నాలుగు నష్టాలను తిరిగి కలిపితే వంద పాయింట్లు పోతాయి. మిగిలిన 75 లాభం కాస్తా 25 పాయింట్ల నష్టమవుతుంది. ఒకసారి కొనాల్సిన కనీస పరిమాణం, అంటే లాట్, 75 అయితే 1,875 రూపాయలు. 22 కాల్స్‌కు కొనుగోలు, అమ్మకం కలిపి 44 ఆర్డర్లు. ఆర్డరుకు 20 రూపాయల చొప్పున బ్రోకరేజీ మరో 880. పన్నులు, గ్రూపు చందా వేరే. మెసేజ్ రాగానే వందలమంది ఒకేసారి ఎగబడితే 120 దగ్గర దొరకాల్సింది 124కి దొరుకుతుంది. అప్పుడు గెలుపుకు వచ్చేది 6, ఓటమికి పోయేది 29. అదే నెల, అవే కాల్స్, నష్టం 113 పాయింట్లు. పోస్టరు మీద మాత్రం 83 శాతం అలాగే మెరుస్తూ ఉంటుంది.

చెరిపేసినవాటిని పట్టుకోవడం అసాధ్యమేమీ కాదు. టెలిగ్రామ్ చానల్‌లో ప్రతి పోస్టుకూ ఒక వరుస సంఖ్య ఉంటుంది. పోస్టు లింకును కాపీ చేస్తే చివర్లో కనిపించే అంకె అదే. 1412 తర్వాత 1415 వచ్చిందంటే మధ్యలో రెండు మాయమయ్యాయన్నమాట. అయితే దీన్నొక్కదాన్నే పట్టుకుని నింద వేయకూడదు. నాలుగు ఫోటోలను ఒకే పోస్టుగా పెడితే నాలుగు సంఖ్యలు ఖర్చవుతాయి. మెసేజ్ పిన్ చేసినా ఒక సంఖ్య పోవచ్చు. ఖాళీలు మార్కెట్ పడిన రోజుల చుట్టూనే గుమిగూడి ఉంటే అప్పుడు అనుమానించాలి. ఖాయంగా తేల్చుకోవాలంటే ఇంకో దారి ఉంది. కాల్ వచ్చిన నిమిషంలోనే దాన్ని మన ‘సేవ్డ్ మెసేజెస్’కు ఫార్వర్డ్ చేసుకోవాలి. వాళ్ల దగ్గర చెరిగిపోయినా మన దగ్గర తేదీ, సమయంతో సహా ఉంటుంది. ఫార్వర్డ్‌ను ఆపేసిన గ్రూపులూ ఉన్నాయి. అమ్మే సలహాకు సాక్ష్యం మిగలకుండా తలుపు వేసుకోవడం ఎందుకో వాళ్లే చెప్పాలి. అక్కడ ఫోన్‌లో స్క్రీన్‌షాట్ కూడా పడకపోవచ్చు, ఇంకో ఫోన్‌తో ఫోటో తీసుకోవడమే గతి. పోస్టు పక్కన ‘edited’ అని కనిపిస్తే ఇంకాస్త జాగ్రత్త. స్టాప్‌లాస్ 95ను తర్వాత 85గా మార్చారా, అక్షరదోషం దిద్దారా అన్నది ఆ ముద్ర చెప్పదు.

ధరల సంగతి కూడా అంతే. ‘200 హై కొట్టింది’ అని పెట్టిన చార్టు బొమ్మ అబద్ధం కాకపోవచ్చు. ఎన్‌ఎస్‌ఈ ఎక్స్ఛేంజి రోజూ ఉచితంగా ఇచ్చే ధరల పట్టిక భావ్‌కాపీలో 24500 లాంటి ప్రతి స్ట్రైక్‌కూ ఆ రోజు ఓపెన్, హై, లో, క్లోజ్ ఉంటాయి. అందులో హై 200 దాటి ఉండొచ్చు, లో 95 కంటే తక్కువా ఉండొచ్చు. ముందు ఏది తగిలిందో మాత్రం భావ్‌కాపీ చెప్పలేదు. పది గంటలకు 95కు పడి స్టాప్‌లాస్‌లో బయటికి తోసేసి, రెండు గంటలకు 200 వెళ్లిన కాల్ గ్రూపు దృష్టిలో ‘ఆల్ టార్గెట్స్ డన్’. దాన్ని తేల్చేది నిమిషాల చార్టు. ఆప్షన్ గడువు తీరి ఎక్స్‌పైరీ అయిపోయాక చాలా యాప్‌లలో ఆ స్ట్రైక్ చార్టు కనబడదు. కాబట్టి ఈ తనిఖీ నెలాఖరున కూర్చుని చేసేది కాదు, అదే రోజు సాయంత్రం చేయాలి. చార్టు బొమ్మలో చివరి క్యాండిల్ సమయానికీ, పోస్టు పెట్టిన సమయానికీ పొంతన ఉందో లేదో కూడా అప్పుడే చూడాలి. జరిగిపోయిన కదలిక మీద గీతలు గీసి ‘చెప్పాంగా’ అనడానికి చార్టు జ్ఞానం అక్కర్లేదు.

ఇదంతా ఒక గ్రూపు లోపలి కథ. గ్రూపు బయట ఇంకా పెద్ద వడపోత జరుగుతుంది. ఒకే మనిషి ఎనిమిది ఉచిత గ్రూపులు తెరిచాడనుకోండి. సోమవారం పొద్దున నాలుగింటిలో మార్కెట్ పెరుగుతుందని కాల్ ఆప్షన్ కొనమంటాడు, నాలుగింటిలో పడుతుందని పుట్ ఆప్షన్ కొనమంటాడు. తప్పిన నాలుగింటినీ మూసేస్తాడు. మంగళవారం మిగిలిన నాలుగింటిని రెండేసిగా చీలుస్తాడు. బుధవారం రెండింటినీ ఒక్కొక్కటిగా. మూడు రోజులు తిరిగేసరికి మూడుకు మూడూ కొట్టిన గ్రూపు ఒకటి మిగులుతుంది. అందులోని జనం కళ్లారా చూశారు కనుక ప్రమాణం చేసి చెబుతారు. ఇక్కడ ఒక్క పోస్టు చెరపలేదు, ఒక్క అంకె మార్చలేదు. చచ్చిపోయిన ఏడు గ్రూపులు మాత్రం మనకు కనబడలేదు. అందుకే ఒక గ్రూపు రికార్డు అడిగేటప్పుడు, అదే నిర్వాహకుడు ఇంతకుముందు ఏ పేర్లతో ఏ గ్రూపులు నడిపాడో కూడా అడగాలి.

లాభాల స్క్రీన్‌షాట్లతో జనాన్ని పోగేసి, తాను మాత్రం నష్టాల్లో ఉండటం ఊహ కాదు. ‘బాప్ ఆఫ్ చార్ట్’ పేరుతో ట్రేడింగ్ సలహాలు, కోర్సులు అమ్మిన మహమ్మద్ నసీరుద్దీన్ అన్సారీ మీద మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2023 అక్టోబరులో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. లాభాలు గడిస్తున్నట్టు ప్రచారం చేసుకున్న అతను 2021 జనవరి నుంచి 2023 జులై మధ్య ట్రేడింగ్‌లో 2 కోట్ల 89 లక్షలు నష్టపోయినట్టు అందులో ఉంది. రిజిస్ట్రేషన్ లేకుండా సలహాలమ్మి వసూలు చేశారంటూ 17 కోట్ల 20 లక్షలు జమ చేయమంది. లాభం వచ్చిన రోజులను చూపించడానికి అబద్ధం అవసరం లేదు, మిగతా రోజుల గురించి మాట్లాడకపోతే చాలు. ఇక మొత్తంగా చూస్తే, 2024-25లో ఈక్విటీ ఫ్యూచర్స్, ఆప్షన్లలో వ్యక్తిగత ట్రేడర్లలో 91 శాతం మంది నష్టపోయారని, వారి నికర నష్టం లక్షా 5 వేల కోట్లు దాటిందని సెబీ అధ్యయనమే తేల్చింది. పది మందిలో తొమ్మిది మంది ఓడే చోట ప్రతి గ్రూపూ 80 శాతం పైన గెలుస్తోందంటే, ఆ ఓడినవాళ్లంతా ఎవరి మాట విన్నట్టు?

నియమాలు లేక కాదు. డబ్బు తీసుకుని షేర్లు, ఆప్షన్ల మీద సలహా ఇచ్చేవాళ్లు సెబీ దగ్గర నమోదు కావాలి. అడ్వైజర్ నంబరు INA తోనూ, రీసెర్చ్ అనలిస్ట్ నంబరు INH తోనూ మొదలవుతుంది. ఆ నంబరు, పేరు సెబీ సైట్‌లో సరిపోవాలి. ఎందుకంటే ఇంకొకరి నంబరు తెచ్చి అంటించుకునేవాళ్లూ ఉన్నారు. గత ఫలితాలను ప్రకటనల్లో వాడొద్దని నమోదైనవాళ్లకే 2023లో సెబీ కట్టడి పెట్టింది. ఆ తర్వాత, ఫలితాలను మూడో పక్షం సరిచూసేందుకు ‘పర్వా’ అనే ఏర్పాటు చేపట్టింది. దానికి ఏజెన్సీగా కేర్ రేటింగ్స్, డేటా కేంద్రంగా ఎన్‌ఎస్‌ఈ ఉన్నాయి. మంచి అడుగే. కానీ అందులో చేరేది నమోదైనవాళ్లే. పోస్టర్లు వేసేవాళ్లలో చాలామంది ఆ గడప తొక్కరు. సెబీ చేయాల్సింది ఒకటుంది: శాతాలు ప్రచారం చేసే ప్రతి చెల్లింపు గ్రూపునూ, ఇచ్చిన కాల్స్ అన్నింటినీ సమయంతో సహా చూపించమని అడగాలి. చూపించలేని శాతాన్ని ప్రకటనగా వేసుకోవడం ఏ మాధ్యమంలోనూ కుదరకూడదు. పత్రికలకూ ఇందులో మినహాయింపు వద్దు, మాతో సహా.

గ్రూపులో పొద్దస్తమానం ‘థాంక్యూ సర్’ అని పెట్టేవాళ్లను చూసి చేరేవాళ్లకు ఒక మాట. నష్టపోయినవాడు చందా మళ్లీ కట్టడు, కట్టనివాణ్ని గ్రూపులోంచి తీసేస్తారు. చెరిపేసిన ఆ నాలుగు కాల్స్ సంగతేమిటని అడిగినవాణ్ని అంతకంటే ముందే తీసేస్తారు. మనం చేరే రోజుకు అక్కడ ఉండేది మిగిలినవాళ్లే.