పండగ వీడియో అను ప్రమాణ పత్రం

విదేశంలో చదువుకుంటున్న పిల్లలు పండగ పూట ఇంటికి పంపే నిమిషం వీడియోని శుభాకాంక్షలు అనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు. అది అఫిడవిట్టు. వేళకి తింటున్నాననీ, నిద్రపోతున్నాననీ, గది ఊడుస్తున్నాననీ, చుట్టాల్లో ఎవర్నీ మరిచిపోలేదనీ కెమెరా సాక్షిగా ఇచ్చే వాంగ్మూలం. అలాంటిదాన్ని నోటికొచ్చినట్టు చెప్పడం కుదరదు. కాగితం మీద పెట్టుకోవాలి.

ముందు లెక్క చూసుకుందాం. పెద్దవాళ్ళ చెవికి అందేలా నింపాదిగా మాట్లాడితే నిమిషానికి 90 మాటలు పడితే గొప్ప. నిమిషం దాటిన వీడియోని అమ్మ తప్ప ఎవరూ చివరిదాకా చూడరు. ఇక కుటుంబం గ్రూపులో 24 మంది ఉన్నారనుకోండి. ఒక్కొక్కరినీ వరస పెట్టి పిలిచి నమస్కారం చెప్పడానికి 2 సెకన్లు వేసుకున్నా 48 సెకన్లు హారతి కర్పూరం. మిగిలిన 12 సెకన్లలో పండగా, చదువూ, ఆరోగ్యమూ ఇరుక్కోవాలి. అందుకని మనుషుల్ని వదిలి ఇళ్ళు లెక్కపెట్టాలి. 24 మందీ 6 ఇళ్ళవాళ్ళయితే, "పెద్దనాన్నగారికి, పెద్దమ్మకి, ఇంట్లో అందరికీ" అంటూ ఇంటికి 4 సెకన్లు. మొత్తం 24 సెకన్లతో పని తెమిలిపోతుంది.

ఇళ్ళ వరస దగ్గర మాత్రం దౌత్యం తెలియాలి. తాతయ్య, నాయనమ్మ, అమ్మమ్మ ముందు. ఆ తర్వాత నాన్న వైపు ఒక ఇల్లు చెబితే వెంటనే అమ్మ వైపు ఒక ఇల్లు. నాన్న వైపువాళ్ళే వరసగా ముగ్గురొస్తే అమ్మ గమనిస్తుంది. పైకి ఏమీ అనదు. అసలు ప్రమాదం అదే. కొత్తగా అల్లుడైన బావగారిని "అక్కా వాళ్ళింట్లో అందరికీ"లో కలిపేస్తే చెల్లదు, మొదటి ఏడాది ఆయనకి విడిగా ఒక వాక్యం కేటాయించాల్సిందే. నిరుటి కాగితాన్నే మళ్ళీ చదివేద్దామనుకునే బద్ధకస్తులకి ఒక హెచ్చరిక: ఏడాదిలో కుటుంబంలో పుట్టినవాళ్ళుంటారు, పోయినవాళ్ళూ ఉంటారు. ముందు ఆ జాబితా సరిచూసుకోండి. ఇందులో మాత్రం వేళాకోళం లేదు.

తర్వాత క్షేమ సమాచారం. "నేను చాలా బాగున్నాను" అని రాసుకుంటే "చాలా" కొట్టెయ్యండి. బాగున్నవాళ్ళు అంత గట్టిగా చెప్పరని ఇంట్లో అందరికీ తెలుసు. దాని బదులు "రాత్రి నేనే వండుకున్నాను, ఉప్పు సరిపోయింది" అంటే నమ్ముతారు. "మీరంతా గుర్తొస్తున్నారు" అనే వాక్యాన్ని ఆఖర్న పెడితే గొంతు పూడుకుంటుంది, వీడియో అక్కడే ఆగిపోతుంది, పండగపూట ఇంట్లో వంట కూడా ఆగిపోతుంది. దాన్ని మధ్యలో పెట్టి, వెనకే తమ్ముడి మీద ఒక చురక వెయ్యండి. గొంతు దానంతటదే దారిలో పడుతుంది.

చిత్రీకరణలో వచ్చే తప్పులన్నీ చివరికి ఆరోగ్యం మీదకే పోతాయి. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే ఫోను బయటి వెలుతురుకి సర్దుకుని ముఖాన్ని చీకటి చేస్తుంది. ఇంట్లో తీర్పు: "నల్లబడ్డావేంట్రా?" సరిగ్గా నడినెత్తి మీద బల్బుంటే కళ్ళకింద నీడ పడుతుంది: "నిద్రపోవట్లేదా?" కిటికీకి ఎదురుగా తిరిగి కూర్చుంటే ఈ రెండు రోగాలూ మందు లేకుండా నయమవుతాయి. స్క్రిప్టుని ఒళ్ళో పెట్టుకుని చదివితే కళ్ళు కిందికి వాలి ఏదో దాస్తున్నట్టుంటుంది. వరసకి నాలుగు మాటల చొప్పున పెద్దక్షరాలతో రాసి, కాగితాన్ని కెమెరా కన్ను పక్కనే అతికించాలి. వెనకాల కుర్చీ మీద గుట్టపడ్డ బట్టలు తీసెయ్యండి. పిన్ని వీడియో ఆపి, జూమ్ చేసి మరీ చూస్తుంది.

నాణ్యత తగ్గకూడదని వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపే మేధావులున్నారు. నాణ్యత తగ్గని మాట నిజమే. కానీ ఆ పెద్ద ఫైలు దిగేదాకా ఎదురుచూసి, తెరిచి చూసే ఓపిక తాతయ్యకి ఉండదు. మామూలు వీడియోగానే పంపండి. కాస్త మసకేస్తే బుగ్గలు నిండుగా కనిపిస్తాయి, అదీ మనకి అనుకూలమే. పంపే వేళ ఇంటి గడియారం ప్రకారం పొద్దున్నే. మీ సాయంత్రం వాళ్ళకి మర్నాడైపోతే మీది పండగ వీడియో కాదు, సంజాయిషీ.

ఇంత చేశాక కూడా ఒక ఇల్లు తప్పిపోతుంది. అది తెలిసేలోపే నాన్న ఫోన్ చేసి గొంతు తగ్గించి, "చిన్నత్తయ్యకి చెప్పలేదటగా" అంటారు. అప్పుడు 20 సెకన్ల అనుబంధ వీడియో తీయాలి. గ్రూపులో వెయ్యకూడదు, నేరుగా అత్తయ్యకే పంపాలి. "మర్చిపోయాను" అన్న మాట ఎక్కడా దొర్లకూడదు. "అత్తయ్యా, నీకు గుంపులో చెప్పడమేంటి, విడిగా చెబుదామని ఆగాను" అనాలి. అన్నట్టు, అదే చొక్కా వేసుకోండి.