ఇట్లు, అప్రూవ్ చేసినవాడు

మా బరంపురం తెలుగిళ్లలో మనుషుల చరిత్ర గిన్నెల మీద ఉంటుంది. ఏ చెంబు తిరగేసినా ఎవరి పెళ్లికి ఎవరిచ్చారో పేర్లుంటాయి. పాత్రల షాపువాడు చేతిమిషన్ గుర్రుమనిపిస్తూ రెండు నిమిషాల్లో వేసేసేవాడు. అందులో సగం పేర్లు తప్పే. అయినా గొడవ లేదు. చెప్పినవాడు తప్పు చెప్పాడో, చెక్కినవాడు తప్పు విన్నాడో ఎప్పటికీ తేలేది కాదు. ఆ తేలకపోవడం మీదే మా బంధుత్వాలు నిలబడ్డాయి.

ఇప్పుడా సుఖం పోయింది. మా మేనమామగారి అరవై ఏళ్ల పండగకి ఇత్తడి పళ్లెం మీద లేజరుతో పేర్లు చెక్కించాలని ఆన్‌లైన్లో ఒక లిస్టింగ్ తెరిచాను. అది అమ్మకం ప్రకటన కాదు, ఒప్పందపత్రం. పేరు ఏ లిపిలో చెక్కాలో ఆ లిపిలోనే టైపు చేసి పంపాలట, ఫొటో తీసి పంపితే కుదరదట. తేదీలో నెలని అంకెతో కాక మాటలో రాయాలట. 04/05 అని రాస్తే అది మే నెలో ఏప్రిలో వాళ్లు ఊహించరట. చెక్కబోయేది ఎలా ఉంటుందో ముందే బొమ్మగా చూపే ప్రూఫ్ పంపుతారు, రెండుసార్లు ఉచితంగా దిద్దుతారు, మనం APPROVED అని అక్షరాలా టైపు చేశాకే మిషన్ ఎక్కిస్తారు. బొటనవేలి బొమ్మ అంగీకారం కాదు. ఆ తర్వాత తప్పు తేలితే బాధ్యత కొన్నవారిదే. అన్నిటికన్నా కింద, బోల్డ్‌లో: మీరు పంపింది పంపినట్టే చెక్కుతాం.

ఇంత అనుమానం మనిషికి పనికిరాదనుకున్నాను. వరుసకి 20 క్యారెక్టర్లే అన్నచోట మాత్రం నాకు నిజంగానే కోపం వచ్చింది. మొదటి వరుసలో ‘శ్రీ వెంకటేశ్వరరావు గారు’ అని కొడుతుంటే ‘గారు’ దగ్గర డబ్బా ఆగిపోయింది. వేళ్ల మీద లెక్కపెట్టాను. శ్రీ ఒకటి, వెంకటేశ్వరరావు ఏడు, గారు రెండు, వెరసి పది అక్షరాలు. డబ్బా లెక్క వేరు. దానికి శ్రీ అంటే శ, పొల్లు, ర, దీర్ఘం, మొత్తం నాలుగు. గుణింతం గుర్తు ఒకటి, సున్నా ఒకటి, మధ్యలో ఖాళీ కూడా ఒకటి. ఆ లెక్కన మామయ్య 24 అయ్యాడు. రెండో వరుసలో ‘శ్రీమతి లక్ష్మి గారు’ సరిగ్గా 20. అంటే ఆ డబ్బా దృష్టిలో అత్తయ్యకి గౌరవం ఉంది, మామయ్యకి లేదు. ఇంటి పరిస్థితి దానికెలా తెలిసిందో గానీ, ఆ పరిస్థితిని పళ్లెం మీదకెక్కించే ధైర్యం నాకు లేదు. అమ్మేవాళ్లకి విడిగా రాస్తే, పది అక్షరాలు పళ్లెం మీద సుఖంగా పడతాయి, ఆ హద్దు ఇంగ్లీషు పేర్ల కోసం పెట్టింది అని ఒప్పుకున్నారు.

వివరాలు నింపే పని మా అక్క కొడుక్కి అప్పగించాను. ఇక్కడ మా సంగతి కొంచెం చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడినప్పుడు మా పెద్దలు ఇటువైపు ఉండిపోయారు. అప్పట్నుంచీ ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. మావాడు తెలుగులో ధారాళంగా పోట్లాడతాడు గానీ చదవలేడు. కాబట్టి పేరు ఒడియాలో కొట్టి, ‘దీన్ని తెలుగులో చెక్కండి’ అని రాశాడు. ఒడియాలో మన వెంకటేశ్వరుణ్ని ‘భ’తో రాస్తారు, రావుని ‘రాఓ’ అంటారు. అవతలి డిజైనర్‌కి తెలుగు రాదు. అక్షరానికి అక్షరం మార్చేశాడు. మొదటి ప్రూఫ్ వచ్చింది: శ్రీ భేంకటేశ్వర రాఓ గారు.

ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. పదకొండు మంది చూశారు. నాలుగు బొటనవేళ్లు, మూడు నమస్కారాలు, ఒక ‘సూపర్’. మా బావగారు పళ్లెం ఎంత పడిందని అడిగారు. పదకొండు మందిలో తెలుగు చదవగలిగినవాళ్లు ఇద్దరు. ఒకడు గ్రూపుని మ్యూట్‌లో పెట్టుకున్నాడు, రెండోవాణ్ని నేను. నాకు పేరు ముందే తెలుసు కాబట్టి నేను చదవలేదు, గుర్తుపట్టానంతే. ప్రూఫ్ చూడడానికి అందరికన్నా పనికిరానివాడు ఆ పేరు నోటికొచ్చినవాడే.

పట్టుకుంది అమ్మమ్మ. ఫోన్ చెయ్యంత దూరం పెట్టి, పలక మీద పిల్లాడిలా ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ, “భేంకటం ఎవడ్రా? నేను కన్నది వెంకటాన్ని” అంది. లిస్టింగ్ రాసినవాళ్లు కోరుకున్న కొనుగోలుదారు ఆవిడే.

ఈసారి నేనే తెలుగులో టైపు చేసి పంపాను. రెండో ప్రూఫ్‌లో మామయ్య బాగుపడ్డాడు గానీ అత్తయ్య విరిగిపోయింది. ‘లక్ష్మి’ కాస్తా ‘లక్‌ష్‌మి’ అయింది. ఇది మనుషుల తప్పు కాదు. కొన్ని పాత డిజైన్ సాఫ్ట్‌వేర్లకి తెలుగు వత్తు కట్టడం రాదు, పొల్లు పెట్టి అక్షరాలని పక్కపక్కన నిలబెడతాయి. తెలుగు సరిగా కట్టే చోట టైపు చేసి, దాన్ని గీతల బొమ్మగా మార్చి ఇస్తే ఇక విరగదు. డిజైనర్ అదే చేశాడు.

అడుగున చిన్న వరుస ఎత్తు 4 మిల్లీమీటర్లని ప్రూఫ్‌లోనే కొలత వేసి పంపారు. ఫోన్‌లో రెండు వేళ్లతో లాగి చూస్తే గోడ మీద నినాదంలా కనబడింది. అసలు సైజులో చూద్దామని జెరాక్స్ షాపులో ప్రింటు తీయించాను. అతను కాగితం నిండా వచ్చేలా పెట్టి తీశాడు, పళ్లెం కాస్తా పళ్లేనికి తాతలా వచ్చింది. నూటికి నూరు శాతం సైజు పెట్టి మళ్లీ తీస్తే అప్పుడు తెలిసింది, ఆ చిన్న వరుసలో వత్తులు పై అక్షరాలకి అంటుకుపోయి చీమల్లా ఉన్నాయి. 6 మిల్లీమీటర్లు చేయించాను. ఉచిత దిద్దుబాట్లు రెండూ అయిపోయాయి.

పళ్లెం పాడైతే చెరపొచ్చు కదా అంటారు. ఇత్తడి మీద లేజరు గీత పోవాలంటే చుట్టూ ఆ పొరంతా అరిగేదాకా పాలిష్ పట్టాలి. తప్పు పోతుంది, గుంట మిగులుతుంది. అంచేత చివరి ప్రూఫ్‌ని భయంభయంగా చూశాను. వెంకటేశ్వరరావు ఉన్నాడు, గారు ఉంది, లక్ష్మి అతుక్కుంది, ఏప్రిల్ ఏప్రిల్‌గానే ఉంది. పేర్లు మళ్లీ అమ్మమ్మ చేత చదివించాను. మధ్యలో ‘షష్ఠిపూర్తి మహోత్సవం’ ఎలాగూ నేను స్వయంగా కొట్టిందే. మా అక్క కాగితం మీద ‘షష్టి’ అని రాసిస్తే, పాపం తెలుగు రాదు కదా అని ఠ ఒత్తు పెట్టి దిద్దాను. ఒత్తుంటే నిండుగా ఉంటుంది. APPROVED అని కొట్టాను. ఇంగ్లీషులో, పెద్ద బడి అక్షరాల్లో.

పళ్లెం చెప్పిన రోజుకి వచ్చింది. పీటల మీద మామయ్య చేతిలో పెట్టాం. పక్కనే ఉన్న పురోహితుడుగారు కళ్లద్దాలు సర్దుకుని మధ్య వరుస చదివి, షష్టి అంటే అరవై, షష్ఠి అంటే ఆరోది అని నెమ్మదిగా చెప్పారు. మామయ్య పళ్లెం అటూ ఇటూ తిప్పి చూసుకుని, “ఆరో ఏడు నిండిందన్నమాట. అయితే నాకు రెండో లడ్డూ పెట్టించండి, చిన్నపిల్లాణ్ని” అన్నాడు. మా అక్క నా వైపు చూస్తూ, ఆ కాగితం ఇంకా తన దగ్గరే ఉందని చెప్పింది.