బళ్ళారి కన్నడం

గృహప్రవేశం కార్డు రాత్రికి కావాలన్నాడు మామ. అనంతపురంలో మాకు తెలిసిన డీటీపీ అతను టైపింగ్ ప్రోగ్రాం సీడీ, పేజీలు కట్టే ప్రోగ్రాం సీడీ చేతిలో పెట్టి, షట్టర్ దించి పెళ్ళికి వెళ్ళిపోయినాడు. నా ల్యాప్‌టాప్‌లో ఉండేది లినక్స్.

విండోస్ ప్రోగ్రాంలను లినక్స్‌లో నడిపే వైన్ ఉందిగా అనుకున్నా. "ఒక్కో ప్రోగ్రాంకు ఒక్కో ప్రిఫిక్స్ పెట్టు, ఒకటి చెడితే ఇంకోదానికి అంటదు" అని లినక్స్ మిత్రుడు ఫోన్లో చెప్పినాడు. ప్రిఫిక్స్ అంటే వైన్ తన ఉత్తుత్తి విండోస్‌ను పెట్టుకునే ఫోల్డర్. మంచి మాటే. రెండు ప్రిఫిక్సులు, రెండు ఇన్‌స్టాలేషన్లు. తెలుగు ఫాంట్ రెండోదాని `drive_c/windows/Fonts`లో కూడా పడేసినా. టైపింగ్ ప్రోగ్రాం ఐకాన్ "తెలుగు ఆన్" అని పచ్చగా వెలుగుతోంది. పేజీల ప్రోగ్రాంలో మొదటి వాక్యం కొట్టినా.

తెరమీద ఒక ఒత్తు, సగం తలకట్టు, ఏ అక్షరానికీ చెందని కొమ్ము. మామ అద్దాలు పెట్టుకుని చూసినాడు.

"కన్నడం కదప్పా ఇది!"

యవ్వనంలో రెండేండ్లు బళ్ళారిలో పత్తి వ్యాపారం చేసినందుకు ఆయనకు కన్నడం వచ్చని మా ఇంట్లో అందరూ ఒప్పుకున్న విషయం. (బళ్ళారిలో ఒప్పుకున్నారో లేదో.) గొంతు సవరించుకుని, తేలిపోతున్న కొమ్మును "శ్రీ" అనీ, దాని పక్కన వేలాడే ఒత్తును "మహాజనగళె" అనీ చదివినాడు. "నేను చెప్పలా, ఆయనకు వచ్చు" అని అత్త వంటింట్లోంచి. వాస్తు పూజ దాకా చదివేసినాడు. నేనింకా ఆ మాట టైపే చెయ్యలేదు.

జరిగింది ఇది. ఈ పాత ఫాంట్లలో తెలుగు ముక్కలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో దాక్కుని ఉంటాయి. టైపింగ్ ప్రోగ్రాం మీటల్ని మధ్యలో పట్టుకుని సరైన ముక్కగా మార్చాలి. కానీ వైన్‌లో ప్రతి ప్రిఫిక్స్‌కూ ప్రోగ్రాంల మధ్య కబుర్లు మోసే సొంత `wineserver` నడుస్తుంది, అందుకే ఒకదాంట్లోని ప్రోగ్రాంకు ఇంకోదాంట్లో నొక్కే మీటలు కనబడవు. లినక్స్ సొంత ఎడిటర్లలో అసలే కనబడవు. పరీక్ష సులువు:

```
WINEPREFIX=~/.telugu wine notepad
```

అదే ప్రిఫిక్స్ నోట్‌ప్యాడ్‌లో ఆ ఫాంట్ ఎంచుకుని కొడితే చక్కటి తెలుగు. పేజీల ప్రోగ్రాంను కూడా అందులోనే మళ్ళీ ఎక్కించినా. వైన్ సైట్లో దానికి "గోల్డ్" రేటింగే ఉంది. ఆ రేటింగు ఎవరో ఒక వెర్షన్‌ను, ఒంటరిగా నడిపి ఇచ్చింది. పక్కన ఇంకో ప్రోగ్రాం మీటలు లాక్కుంటుందని వాళ్ళకేం తెలుసు?

అర్ధరాత్రికి కార్డు తయారు. పీడీఎఫ్ చేసి ప్రెస్సుకు పంపినా.

పొద్దున్నే ఫోన్: "పీడీఎఫ్ వద్దు సార్, ఒరిజినల్ ఫైల్ పంపండి. టైటిల్ మేమే మళ్ళీ టైప్ చేసుకుంటాం."